గైటర్ బురదను ఆపుతుంది, జలగను ఆపదు

ప్రశ్న: ఆగస్టులో హైదరాబాద్ నుంచి నలుగురం కర్ణాటకలోని కుద్రేముఖ్ ట్రెక్‌కి వెళ్తున్నాం. మోకాలి దాకా వచ్చే గైటర్లు కొన్నాం. అవి ఉంటే జలగలు ఎక్కవు కదా? లీచ్ సాక్స్ అని వేరే ఏవో చెప్తున్నారు. అవి కూడా కావాలా, లేకపోతే ఫుట్‌బాల్ ఆడేవాళ్ళు వేసుకునే పొడుగు సాక్స్ సరిపోతాయా?

జవాబు: ఎక్కుతాయండీ. గైటర్ ఒక్కటే వేసుకుంటే ఇంకాస్త ఇబ్బంది కూడా ఉంది. లోపలికి దూరిన జలగ మీ కంటికి కనిపించదు. లీచ్ సాక్స్ తప్పకుండా కావాలి, ఫుట్‌బాల్ సాక్స్ వాటి పని చెయ్యవు. కొనడానికి దొరక్కపోతే మన దర్జీతోనే కుట్టించుకోవచ్చు, ఆ కొలతలు కింద రాస్తాను. ముందు ఏది దేన్ని ఆపుతుందో తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

గైటర్ అంటే కాలికి కట్టిన గొట్టం. పైన ఒక నోరు, కింద ఒక నోరు. కింది అంచు షూ మీద గొడుగులా కూర్చుంటుంది. పైనుంచి పడే నీళ్ళు, పక్కనుంచి చిమ్మే బురద ఆ గొడుగు మీద పడి జారిపోతాయి. జలగ పైనుంచి పడదు, కిందనుంచి నడిచి వస్తుంది. ఆకుల చెత్తలోనో తడి గడ్డి కొసనో వెనక కొనతో అంటుకుని, ముందు కొన గాలిలో ఊపుతూ నిలబడి ఉంటుంది. మీ అడుగుల అదురు, ఒంటి వేడి, ఊపిరి తగలగానే షూ అంచు మీదకు ఎక్కుతుంది. ముందు కొన ఆనించి వెనక కొన లాక్కుంటూ, జానతో కొలిచినట్టు నడుస్తుంది. షూ మీద అలా రెండు మూడు జానలు వేస్తే గైటర్ కింది అంచు తగులుతుంది. కొన్ని గైటర్ మీదుగా పైకి పోతాయి, కొన్ని అంచు కిందికి దూరతాయి. లోపలికి దూరినదానికి దొరికేది లేసుల సందు, షూ నాలుక పక్కన ఖాళీ, ఆ పైన మీ మామూలు సాక్స్.

ఆకలి మీదున్న జలగ అగ్గిపుల్ల కంటే సన్నగా ఉంటుంది, సాగితే దారంలా అవుతుంది. ఫుట్‌బాల్ సాక్స్ అల్లిక గుడ్డ. అల్లిక అంటే కొక్కేనికి కొక్కెం తగిలించినట్టు దారపు ఉచ్చులు, వాటి మధ్య కన్నాలు. పిక్క లావుగా ఉన్నచోట సాక్స్ సాగుతుంది, అక్కడ కన్నాలు ఇంకా తెరుచుకుంటాయి. ఇంట్లోనే చూసుకోవచ్చు. సాక్స్ వేసుకుని పిక్క దగ్గర ఒక చోట రెండు వేళ్ళతో అడ్డంగా లాగి పట్టుకోండి. గుడ్డలోంచి చర్మం రంగు కనిపిస్తే అక్కడ జలగ నోటికి దారి ఉన్నట్టే. తడిసిన సాక్స్ చర్మానికి అతుక్కుని ఉంటుంది కాబట్టి దానికి పెద్దగా శ్రమ కూడా ఉండదు.

లీచ్ సాక్స్ అల్లిక కాదు, నేత గుడ్డ. దగ్గరగా నేసిన కాటన్ గానీ నైలాన్ గానీ, సాగదు. అరికాలి నుంచి మోకాలి కింద దాకా ఒకే సంచి. దీనికి కింద నోరు లేదు, అసలు కిటుకంతా అదే. షూ లోపల వేసుకుంటాం కాబట్టి లేసుల సందులోంచి దూరిన జలగకు కూడా గుడ్డే ఎదురవుతుంది. పైన ఒక్క నోరు మాత్రం ఉంటుంది, దాన్ని నాడాతో బిగిస్తాం.

ఇక కుట్టించడం. గుడ్డ కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. చీరల కింద లంగాలు కుట్టే కాటన్ పాప్లిన్ చాలు, జనరల్ బజార్లో, సుల్తాన్ బజార్లో ఏ లంగా గుడ్డల కొట్టులోనైనా దొరుకుతుంది. పరీక్ష ఒకటే. గుడ్డను ఒంటి పొరగా ట్యూబ్‌లైట్ ముందు పట్టుకోండి. వెలుగు మసకగా, అంతటా ఒకేలా రావాలి. సూది మొనలంత చుక్కలు విడివిడిగా మెరుస్తుంటే ఆ గుడ్డ వదిలెయ్యండి. రంగు తెలుపో లేత గోధుమో తీసుకోండి. బురద కనిపిస్తుందని నలుపు తీసుకుంటారు చాలామంది. నల్ల గుడ్డ మీద జలగ కనిపించదు, తెల్ల గుడ్డ మీద నడుస్తుంటే పది అడుగుల దూరంలో వెనక వచ్చేవాళ్ళకి కూడా కనిపిస్తుంది.

ఒక జతకు ముప్పై ఆరు అంగుళాల పన్నా గుడ్డ మీటరుంపావు తీసుకోండి. కత్తెర పెట్టకముందే రాత్రంతా నీళ్ళలో నానేసి ఆరేసి ఇస్త్రీ చేయించండి. కాటన్ ముడుచుకుంటుంది, కుట్టాక ముడుచుకుంటే కాలు దూరదు.

కొలతలు మీ కాలివే తీసుకోవాలి. పద్ధతి తెలియడానికి ఒక కాలు లెక్క వేసి చూపిస్తాను. పాదం పొడవు 27 సెంటీమీటర్లు. నేల నుంచి మోకాలి చిప్ప కింద దాకా 44. ట్రాక్ ప్యాంటు వేసుకుని పిక్క లావైన చోట చుట్టుకొలత 40. మడమ నుంచి పాదం పైవంపు మీదుగా చుట్టూ 34. పాదం లావైన చోట, అంటే బొటనవేలి మొదలు దగ్గర, సాక్స్‌తో కలిపి 26.

సంచి పక్కనుంచి చూస్తే ఇంగ్లీషు ఎల్ అక్షరంలా ఉంటుంది. గుడ్డను రెండు మడతలుగా వేసి, మడత అంచు సరిగ్గా అరికాలి గీత మీద పడేలా గీయమనండి. రెండు ముక్కలు వేరుగా కోసి చుట్టూరా కుడితే అరికాలి కింద నిలువునా కుట్టు వస్తుంది. పదిహేను ఇరవై కిలోమీటర్లు దాని మీద నడిస్తే అరికాలు బొబ్బలెక్కుతుంది. మడతను అరికాలికి పెడితే అక్కడ కుట్టే ఉండదు. కుట్లు రెండే మిగులుతాయి: మడమ నుంచి కాలి వెనక పైదాకా ఒకటి, వేళ్ళ కొస నుంచి పాదం మీదుగా కాలి ముందు పైదాకా ఇంకొకటి.

పాదం పొడవు 27కి రెండు కలిపి 29 పెట్టండి, వేళ్ళ ముందు కుట్టు ఒత్తుకోకుండా. పాదం భాగం ఎత్తు పదిహేను, అంటే రెండు వైపులా కలిపి చుట్టూ ముప్పై. కాలి భాగం వెడల్పు ఇరవై రెండు, చుట్టూ నలభై నాలుగు. అరికాలి మడత నుంచి పైదాకా ఎత్తు 44, పైన నాడా పట్టీ మడతకు ఇంకో మూడు. వీటికి కుట్టు పడే అంచుల్లో ఒక్కోవైపు సెంటీమీటరున్నర అదనంగా వదిలి కోయాలి.

దర్జీలు సాధారణంగా చేసే పొరపాటు ఒకటుంది. చీలమండ దగ్గర గుడ్డ వదులుగా ఉంటే వాళ్ళకు చూడబుద్ధి కాదు, అందం కోసం అక్కడ లోపలికి లాగి షేపు ఇస్తారు. గుడ్డ సాగదు కదా, మడమ అందులోంచి దిగాలి. మడమ చుట్టుకొలత 34 ఉన్నప్పుడు కాలి గొట్టం ఎక్కడా 38కి తగ్గకూడదు. వదులుగా ఉంటేనే దిగుతుందని ముందే గట్టిగా చెప్పండి. చీలమండ దగ్గర మడతలు పడితే పడనివ్వండి, వాటివల్ల నష్టం లేదు.

కుట్టు సన్నగా ఉండాలి, సెంటీమీటరుకు నాలుగైదు పోట్లు పడేలా. ఒకదాని పక్కన ఇంకొకటి, రెండు వరసలు వెయ్యాలి. దూరం దూరంగా వేసిన కుట్టు, కాలు ఒంగినప్పుడు నోరు తెరుస్తుంది. కాలు, పాదం కలిసే ముందు మూలను కోణంగా కాకుండా గుండ్రంగా తిప్పించండి. నడిచేటప్పుడు మొదట చిరిగేది ఆ మూలే. మడమ వెనక, వేళ్ళ ముందు కొసలు రెండు సెంటీమీటర్లు ఐమూలగా కుట్టేస్తే షూలో గుడ్డ పోగుపడదు. కుట్టిన అంచులు బయటివైపుకే ఉంచండి. చూడ్డానికి తిరగేసినట్టు ఉంటుంది గానీ కాలికి ఒరుసుకోదు.

తొడిగే వరస తప్పితే ఇంత పనీ వృథా. మొదట లోపలి సాక్స్. ఇది కాటన్ వద్దు, నైలాన్ కలిసిందో ఉన్ని కలిసిందో పలచటిది వేసుకోండి. కాటన్ సాక్స్ నీళ్ళు పీల్చి పట్టుకుంటుంది, నానిన చర్మం ముడతలు పడి తొందరగా ఒలుస్తుంది. తర్వాత కాలికి అంటిపెట్టుకునే ట్రాక్ ప్యాంటు, దాని అంచు చీలమండకు కొంచెం పైనే ఆగాలి. షూలోకి ప్యాంటు మడత పోకూడదు. ఆ రెంటి మీద లీచ్ సాక్స్. నాడా మోకాలి కింద, పిక్క లావుకు పైన ఉండే సన్నటి చోట కట్టండి. కట్టాక నాడా కింద ఒక వేలు దూరాలి. వేలు దూరకపోతే మధ్యాహ్నానికి కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, రెండు వేళ్ళు దూరితే నడకలో జారిపోతుంది. దాని మీద షూ, ఆ పైన గైటర్.

ఇక్కడ షూ సైజు చూసుకోవాలి. లీచ్ సాక్స్ గుడ్డ పలచనే అయినా మడతలు చోటు తింటాయి. రెండు సాక్స్‌లూ వేసుకుని షూ తొడిగి, బల్లమీద నిలబడినట్టు కాకుండా మెట్లు దిగి చూడండి. దిగేటప్పుడు వేళ్ళు ముందుకు తగిలితే ఆ షూ పనికిరాదు, లేదా లోపలి సాక్స్ ఇంకా పలచనిది కావాలి.

గైటర్ విషయానికొస్తే, మీరు కొన్నది వృథా కాదు. కుద్రేముఖ్‌లో దారి రానూపోనూ ఇరవై కిలోమీటర్లకు అటూఇటూ ఉంటుంది. షోలా అడవి ముక్కలు, వాటి మధ్య గడ్డి కొండలు, దారిలో వాగులు. ఆగస్టులో గడ్డి నడుము దాకా తడిసి ఉంటుంది, అడవిలో చెట్ల వేర్ల మధ్య చీలమండ లోతు బురద. ఈ తడిని, బురదను ఆపేది గైటరే. లీచ్ సాక్స్ గుడ్డ నీళ్ళను ఆపదు, ఎండిన బురద అంటుకుంటే బరువెక్కి గరుకుగా తయారవుతుంది. పైన గైటర్ ఉంటే అది శుభ్రంగా ఉంటుంది.

గైటర్‌కు కుడి, ఎడమ ఉంటాయి. బకిల్స్ కాలి బయటివైపుకు రావాలి. లోపలివైపుకు వస్తే నడకలో ఒకదానికొకటి తగిలి పడేస్తాయి. ముందున్న చిన్న కొక్కేన్ని షూ లేసుకు, అన్నిటికంటే కింది వరసకు తగిలించండి. చాలామంది ఈ కొక్కేన్ని పట్టించుకోరు. అది తగిలించకపోతే బురదలోంచి కాలు పైకి లాగిన ప్రతిసారీ ముందు అంచు లేస్తుంది, సరిగ్గా షూ నాలుక మీద బురద పడుతుంది. అరికాలి కింద పట్టీ మడమకు ముందున్న గాడిలో కూర్చోవాలి. మడమ మట్టం కిందికి జారితే రాళ్ళ మీద అరిగి తెగిపోతుంది. మీ షూ అడుగున అలాంటి గాడి లేకపోతే, అంటే మామూలు రన్నింగ్ షూ అయితే, ఆ పట్టీ రోజంతా నిలవదు. మూరెడు గట్టి నైలాన్ తాడు జేబులో ఉంచుకోండి, తెగినచోట కట్టుకోవడానికి.

గైటర్‌కు ఒక హద్దుంది. వాగు నీళ్ళు షూ పైకి వచ్చాయంటే గైటర్ ఏమీ చెయ్యలేదు, నీళ్ళు కిందనుంచి లోపలికి వస్తాయి. దాటాక ఒడ్డున ఒక్క నిమిషం ఆగి షూ విప్పి నీళ్ళు ఒంపి, లోపలి సాక్స్ పిండుకుని వేసుకోవడం మంచిది. ఒడ్డున అంటే రాయి మీదో, ఎండ పడే బోడి నేల మీదో. చెట్ల కింద ఆకుల్లో కూర్చుని షూ విప్పితే, అంతదాకా తెచ్చిన రక్షణంతా అక్కడ విప్పి పెట్టినట్టే.

మరి గైటర్ కింద దూరే జలగల సంగతి? అవి దూరతాయి, లీచ్ సాక్స్ మీద నడుస్తాయి, కాటుకు చర్మం దొరకదు. కానీ నడుస్తూ నడుస్తూ పైనున్న నాడా దాకా వస్తాయి. అందుకని అడవి దాటి గడ్డి మీదకు వచ్చిన ప్రతిసారీ గైటర్ కింది అంచు ఎత్తి ఒకసారి, పై అంచు వెనక్కి మడిచి ఒకసారి చూసుకోండి. వెనకవైపు మీకు కనిపించదు, కాబట్టి నలుగురూ ఒకరి వెనక ఒకరు నిలబడి ముందువాళ్ళ పిక్కలు చూడండి. గైటర్ పై అంచు, లీచ్ సాక్స్ నాడా కంటే రెండు వేళ్ళు కిందే ఉండాలి. అప్పుడు తెల్ల గుడ్డ పట్టీ ఒకటి బయటికి కనిపిస్తూ ఉంటుంది, పైకి పోయే ఏ జలగైనా ఆ తెల్ల పట్టీ దాటాల్సిందే. గైటర్ నాడాను కప్పేసేలా వేసుకుంటే ఆ కాపలా పోతుంది.

చర్మానికి రాసే మందుల గురించి కొంత చెప్పాలి. డీట్ ఉన్న దోమల క్రీము లీచ్ సాక్స్ మీద, షూ అంచుకు పైన నాలుగు వేళ్ళ మేర రాస్తే జలగలు తటపటాయిస్తాయి. కాటన్‌కు, నైలాన్‌కు దానివల్ల నష్టం లేదు. కానీ ప్లాస్టిక్‌ను, సాగే లైక్రా దారాన్ని డీట్ పాడుచేస్తుంది. గైటర్ బకిల్స్‌కు, ట్రాక్ ప్యాంటుకు తగలనివ్వకండి, రాసిన చేతులతో కళ్ళజోడు పట్టుకోకండి. వాన గట్టిగా పడితే మళ్ళీ రాయాలి. ఉప్పు, పొగాకు నీళ్ళు కూడా పనిచేస్తాయి గానీ వానలో ఎంతోసేపు నిలవవు, ఉప్పు సాక్స్‌లోకి దిగితే చర్మం ఒరుసుకుని మండుతుంది. వాగు దాటేముందు వీటిలో ఏదీ కొత్తగా రాయకండి. ఆ నీళ్ళలో చేపలు, కప్పలు బతుకుతున్నాయి, కిందున్న ఊళ్ళు ఆ నీళ్ళే తాగుతాయి.

ఎన్ని చేసినా ఒకటో రెండో కరుస్తాయి. అప్పుడు ఎక్కడ కరిచిందో చూస్తే ఏ దారిన వచ్చిందో తెలుస్తుంది. వేళ్ళ సందున, పాదం మీద అయితే లీచ్ సాక్స్ కుట్టు ఊడింది, లేదా పాదం ముందు మూల చిరిగింది. కాలి ముందు భాగంలో గీత గీసినట్టు వరసగా ఉంటే ముందు కుట్టు చూడండి. మోకాలి వెనక అయితే నాడా వదులైంది. నడుము దగ్గర, పొట్ట మీద అయితే కాళ్ళ తప్పు కాదు, చొక్కా ప్యాంటులోకి దోపలేదు, లేదా బ్యాగు కింద పెట్టి మళ్ళీ వీపున వేసుకున్నారు. ఆగినప్పుడు బ్యాగును కొమ్మకు తగిలించడమో, రాయి మీద పెట్టడమో చెయ్యండి.

పట్టుకున్నదాన్ని లాగకండి. సన్నగా ఉన్న కొన నోరు, లావుగా ఉన్నది వెనక పట్టు. గోరును చర్మానికి ఆనించి సన్నటి కొన కిందికి పక్కనుంచి జరిపితే నోరు వదులుతుంది. వెంటనే లావు కొన కింద కూడా అలాగే జరిపి దూరంగా విసరండి. ఆలస్యం చేస్తే నోటితో వేలికి పట్టుకుంటుంది. అంటుకున్న జలగ మీద ఉప్పు చల్లడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. అది పట్టు వదిలేముందు కడుపులోది గాయంలోకి కక్కే ప్రమాదం ఉంది, చీము పట్టడానికి అదొక కారణం.

దాని లాలాజలంలో రక్తం గడ్డకట్టనివ్వని పదార్థం ఉంటుంది. అందుకే కాటు చిన్నదైనా గంటల తరబడి సన్నగా కారుతూనే ఉండవచ్చు, సాక్స్ ఎర్రబడితే కంగారు పడకండి. మంచినీళ్ళతో కడిగి, శుభ్రమైన గుడ్డ మడిచి పెట్టి పది నిమిషాలు వదలకుండా ఒత్తి, అలాగే పట్టీ కట్టేయండి. మధ్యమధ్యలో ఎత్తి చూస్తే మళ్ళీ మొదటికొస్తుంది. తర్వాత కొన్ని రోజులు దురద పెడుతుంది, గోకితేనే పుండవుతుంది. ఎరుపు రోజురోజుకూ పాకుతున్నా, వేడిగా వాచినా, జ్వరం వచ్చినా డాక్టరుకు చూపించండి. మీ నలుగురిలో ఎవరైనా రక్తం పలచబడే మందులు వాడుతుంటే, బయల్దేరకముందే వాళ్ళ డాక్టరుతో మాట్లాడాలి.

వెళ్ళేముందు ఇక్కడే ఒకసారి అన్నీ వేసుకుని నడవండి. వాన పడిన మర్నాడు వికారాబాద్ అనంతగిరి అడవి దారుల్లో రెండు గంటలు నడిస్తే చాలు. అక్కడ ఎర్ర మట్టి బురద షూ అడుగున అట్టలు కడుతుంది, గైటర్ పట్టీ నిలుస్తుందో లేదో ఆ బురదే చెప్పేస్తుంది. ఇంటికొచ్చాక లీచ్ సాక్స్ తిరగేసి అరికాలి వైపు, వేళ్ళ మూలలు చూడండి. ఎక్కడ గుడ్డ నలిగి నూగు లేచిందో అక్కడ లోపల ఒక చిన్న అతుకు వేయించండి.

తిరుగు ప్రయాణంలో బస్సో రైలో ఎక్కేముందు షూ, గైటర్లు, లీచ్ సాక్స్ విప్పి దులిపి, ఒక మందపాటి ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టేయండి. ఇంట్లో గైటర్ల బురదను తడి మీద రుద్దకండి, బాగా ఎండాక బ్రష్‌తో దులిపితే పొడిగా రాలిపోతుంది. వేడినీళ్ళు, వాషింగ్ మెషిన్ వాడితే లోపలి వాటర్‌ప్రూఫ్ పూత పెచ్చులూడుతుంది. వెల్క్రో పళ్ళలో ఇరుక్కున్న గడ్డిపోచలు పిన్నీసుతో ఏరెయ్యండి. అవి అలాగే ఉంటే వచ్చే వానాకాలానికి వెల్క్రో పట్టదు.